ఓడకు తగిలింది, తర్వాతి షాట్ ఎక్కడ?

(రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు బయటికి తీయండి, ఇది వింటూ గీసుకుంటేనే ఎక్కే విషయం.

బ్యాటిల్‌షిప్ ఆట మీలో చాలామందికి తెలుసు. నోటుబుక్కు వెనక పేజీలో గళ్లు గీసుకుని ఆడి ఉంటారు, లేదంటే ఫోన్‌లో ఆడి ఉంటారు. మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1967లో ప్లాస్టిక్ బోర్డుతో అమ్మింది గానీ, అంతకు చాలా ముందు నుంచే జనం దీన్ని కాగితం మీద ఆడుతున్నారు. పది అడ్డ వరుసలు, పది నిలువు వరుసలు, మొత్తం 100 గళ్లు. అడ్డ వరుసలకు ఎ నుంచి జె దాకా పేర్లు, నిలువు వరుసలకు 1 నుంచి 10 దాకా అంకెలు. ఐదు ఓడలుంటాయి: ఐదు గళ్లది ఒకటి, నాలుగు గళ్లది ఒకటి, మూడు గళ్లవి రెండు, రెండు గళ్లది ఒకటి. ఓడను అడ్డంగా పెట్టొచ్చు, నిలువుగా పెట్టొచ్చు, ఏటవాలుగా మాత్రం పెట్టకూడదు. అవతలివాడు ఎక్కడ పెట్టాడో మనకు కనిపించదు. మనం ఒక గడి పేరు చెబుతాం, వాడు తగిలిందనో తగల్లేదనో చెబుతాడు, ఓడ పూర్తిగా మునిగితే మునిగిందని చెబుతాడు. అంతే ఆట.

ఇవాళ నేను ఆట మొత్తం గురించి మాట్లాడను. ఒక్క క్షణం గురించే మాట్లాడతాను. మొదటిసారి తగిలింది, అవతలివాడు ‘తగిలింది’ అన్నాడు. ఇప్పుడేం చేస్తారు? పక్క గడి కొడతారు, అవునా? పక్కన నాలుగు గళ్లున్నాయి. పైన, కింద, ఎడమ, కుడి. ఏది కొడతారు? చాలామంది ఏదో ఒకటి కొట్టేస్తారు, పైనుంచి మొదలుపెట్టి గడియారం తిరిగినట్టు తిరుగుతారు. అక్కడే షాట్లు వృథా అయిపోతాయి. ఆ నాలుగు గళ్లూ దాదాపు ఎప్పుడూ సమానం కావు.

ఎందుకు సమానం కావో చెప్పడానికి ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. అసలు మనం ఆ మొదటి హిట్ దాకా ఎలా వచ్చాం?

చదరంగం బల్లలా గళ్లకు రెండు రంగులేసుకోండి. వరుస నంబరు, నిలువు నంబరు కూడితే సరి సంఖ్య వస్తే ఒక రంగు, బేసి వస్తే ఇంకో రంగు. ఎ అంటే 1, బి అంటే 2, అలా లెక్క. ఏ ఓడైనా కనీసం రెండు గళ్లుంటుంది కదా, పక్కపక్క గళ్లు ఎప్పుడూ వేరే వేరే రంగులే కదా, కాబట్టి ప్రతి ఓడా రెండు రంగుల మీదా పడుకుని ఉంటుంది. అంటే వెతికేటప్పుడు సరి గళ్లు మాత్రమే కొడుతూ పోతే చాలు, ఏ ఓడా తప్పించుకోలేదు. వంద గళ్లు వెతకాల్సిన పని యాభైకి వచ్చింది. రెండు గళ్ల ఓడ మునిగిపోయాక ఇంకా నయం, అప్పుడు మిగిలిన వాటిలో చిన్నది మూడు గళ్లది కాబట్టి ఆ కూడిక మూడుతో భాగించబడే గళ్లు చాలు, అవి 33 మాత్రమే. ఇది చాలామందికి తెలిసిందే, దీని దగ్గర ఎక్కువసేపు ఆగను.

కానీ దీని నుంచి వచ్చే ఇంకో సంగతి ఉంది. దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. మీరు సరి గళ్లే కొడుతూ వచ్చారు. ఒక సరి గడిలో తగిలింది. దాని చుట్టూ ఉన్న నాలుగు గళ్లు ఏ రంగువి? నాలుగూ బేసివే. బేసి గళ్లు మీరు ఇంతవరకు ముట్టుకోనే లేదు. అంటే ఆ నాలుగింటి గురించి నేరుగా మీకేమీ తెలీదు, నాలుగూ ఖాళీగా, ఒకేలా కనపడుతున్నాయి. అందుకే మనం ‘ఏదైనా ఒకటే’ అనుకుంటాం. మరి మీరు కొట్టి తప్పిపోయిన షాట్లన్నీ ఎక్కడున్నాయి? సరి గళ్లలో. తగిలిన గడి నుంచి అదే వరుసలో చూస్తే సరిగ్గా రెండు గళ్ల దూరంలో. కాబట్టి తగలగానే కన్ను పక్క గడి మీద కాదు, దాని అవతలి గడి మీద పడాలి. రెండు గళ్ల అవతల ఏముంది? మిస్ ఉందా, గోడ ఉందా, ఖాళీగా ఉందా? సమాచారమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. భయపడకండి, కూడికలే.

ముందు ఏ మిస్సూ లేని సందర్భం చూద్దాం. బోర్డు మధ్యలో, ఎఫ్-6లో, మొట్టమొదటి షాటే తగిలిందనుకోండి. ఆ గడిని కప్పుకుని ఐదు గళ్ల ఓడ అడ్డంగా ఎన్ని రకాలుగా పడుకోగలదు? ఐదు రకాలుగా, ఎందుకంటే ఆ గడి ఓడకు మొదటిది కావచ్చు, రెండోది కావచ్చు, అలా ఐదోది దాకా. నాలుగు గళ్లది నాలుగు రకాలు, మూడు గళ్లవి మూడేసి, రెండు గళ్లది రెండు. ఐదు, నాలుగు, మూడు, మూడు, రెండు, మొత్తం 17. నిలువుగా ఇంకో 17. మొత్తం 34. ఈ 34లో కుడి పక్క గడిని కూడా కప్పేవి ఎన్ని? ఐదు గళ్లదానికి నాలుగు, నాలుగు గళ్లదానికి మూడు, మూడు గళ్లవాటికి రెండేసి, రెండు గళ్లదానికి ఒకటి. మొత్తం 12. ఎడమకూ 12, పైకీ 12, కిందికీ 12. ఇక్కడ మాత్రం నిజంగానే ఏది కొట్టినా ఒకటే, తగిలే అవకాశం మూడింట ఒక వంతు కంటే కొంచెం ఎక్కువ.

ఇప్పుడు అసలు సందర్భం. గీసుకోండి. సి-7లో తగిలింది. సి అంటే 3, 3కి 7 కలిపితే 10, సరి గడే. అంతకుముందు చాలా షాట్లు కొట్టారు, వాటిలో రెండే మనకు పనికొస్తాయి: సి-5 మిస్, ఈ-7 మిస్. సి-5 అంటే ఎడమ వైపు రెండు గళ్ల దూరం. ఈ-7 అంటే కింది వైపు రెండు గళ్ల దూరం. సి-9, ఎ-7 ఇంకా కొట్టలేదు. ఓడలు ఐదూ బతికే ఉన్నాయి. గీశారా? ఇప్పుడు చెప్పండి, బి-7, డి-7, సి-6, సి-8, వీటిలో ఏది?

అడ్డంగా చూడండి. సి-5 మిస్ కాబట్టి ఎడమ వైపు సి-6 దగ్గరే ఆగిపోవాలి. కుడి వైపు 10 దాకా ఖాళీ. అంటే 6 నుంచి 10 దాకా ఐదు గళ్ల జాగా. ఐదు గళ్ల ఓడ అందులో ఒకే రకంగా పడుతుంది, 6 నుంచి 10. నాలుగు గళ్లది రెండు రకాలు, 6 నుంచి 9, లేదా 7 నుంచి 10. మూడు గళ్లది 6 నుంచి 8, లేదా 7 నుంచి 9, అలాంటివి రెండు ఓడలు కాబట్టి నాలుగు. రెండు గళ్లది 6-7, లేదా 7-8. ఒకటి, రెండు, నాలుగు, రెండు, మొత్తం 9.

నిలువుగా చూడండి. పైన ఎ దగ్గర గోడ, కింద ఈ-7 మిస్. మిగిలింది ఎ నుంచి డి దాకా నాలుగు గళ్లు. ఐదు గళ్ల ఓడ పట్టనే పట్టదు, సున్నా. నాలుగు గళ్లది ఒకటే రకం. మూడు గళ్లది ఎ-బి-సి, లేదా బి-సి-డి, రెండు ఓడలకు నాలుగు. రెండు గళ్లది రెండు. మొత్తం 7.

అడ్డం 9, నిలువు 7, కలిపితే 16. ఇప్పుడు ఒక్కో గడిని ఎన్ని కప్పుతాయో లెక్కపెడదాం. సి-8ని కప్పేవి: ఐదు గళ్లది ఒకటి, నాలుగు గళ్లవి రెండూ, మూడు గళ్లవి నాలుగూ, రెండు గళ్లది ఒకటి. ఎనిమిది. బి-7కి ఆరు. సి-6కి ఐదు. డి-7కి నాలుగు. చూశారా? నాలుగు గళ్లూ ఒకేలా ఖాళీగా కనపడ్డాయి, కానీ ఒకదానికి 16లో 8, ఇంకోదానికి 16లో 4. అంటే సరిగ్గా రెట్టింపు తేడా. ఆ తేడా తెచ్చింది ఏంటి? రెండు గళ్ల అవతల ఉన్న రెండు మిస్సులు, పైన గోడ. అంతే.

ఇక్కడ ఒకటి గమనించండి, పైన గోడ సి-7కి రెండు గళ్ల దూరంలో లేదు, మూడో గడి దగ్గరుంది. అందుకే బి-7 డి-7 కంటే నయంగా ఉంది. గోడ కూడా మిస్ లాంటిదే, కాకపోతే ఉచితంగా వచ్చిన మిస్.

సరే, సి-8 కొట్టాం. రెండు దారులు. రెండూ చూద్దాం, ఎందుకంటే నాకు ఈ ఆటలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే.

మొదట తప్పిపోయిందనుకుందాం. సి-8 మిస్. మామూలుగా మనిషి ఏం చేస్తాడు? కుడి పక్క పోయింది కాబట్టి ఎడమ పక్క కొడతాడు. ఇందాకటి లెక్కలో సి-6కి ఐదు ఉన్నాయి, డి-7కి నాలుగే, కాబట్టి ఎడమకు వెళ్లడంలో తప్పేముంది అనిపిస్తుంది. కానీ పాత లెక్క పాతదే, మళ్లీ లెక్కపెట్టాలి. ఇప్పుడు అడ్డంగా మిగిలిన జాగా ఎంత? సి-5 మిస్, సి-8 మిస్, మధ్యలో సి-6, సి-7, రెండే గళ్లు. అందులో పట్టేది రెండు గళ్ల ఓడ ఒక్కటే, అది కూడా ఒకే రకంగా. అంటే సి-6కి ఉన్న ఐదు కాస్తా ఒకటికి పడిపోయింది. నిలువు ఏడూ అలాగే ఉన్నాయి. మొత్తం ఎనిమిదిలో బి-7కి ఆరు, డి-7కి నాలుగు, సి-6కి ఒకటి. కుడి పక్క తప్పగానే ఎడమ పక్క దాదాపు చచ్చిపోయింది! నాలుగింట మూడు వంతుల అవకాశం బి-7 దగ్గర పెట్టుకుని, ఎనిమిదింట ఒక వంతు కోసం ఎడమకు వెళ్లేవాళ్లను నేను ఎంతమందినో చూశాను. ఒక మిస్ తన గడిని మాత్రమే కొట్టేయదు, ఆ వరుసలో జాగాను కోసేస్తుంది. దాని దెబ్బ అవతలి పక్క గడికి కూడా తగులుతుంది.

ఇప్పుడు రెండో దారి. సి-8 తగిలింది, కానీ మునిగిందని అవతలివాడు అనలేదు. ఆ ‘అనలేదు’ కూడా సమాచారమే, వదిలేయకండి. రెండు గళ్ల ఓడ అయ్యుంటే ఇప్పటికే మునిగేది కదా? కాబట్టి అది లెక్కలోంచి పోయింది. మిగిలింది ఏడు రకాలు. సి-9ని కప్పేవి ఐదు, సి-6ని కప్పేవి నాలుగు. సి-9 కొట్టండి. తేడా చిన్నదే, ఏడింట ఐదు, ఏడింట నాలుగు, కానీ ఉన్న తేడాను ఎందుకు వదులుకోవాలి?

ఇక్కడ రంగుల సంగతి మళ్లీ వస్తుంది. సి-7, సి-8 రెండూ తగిలాక రెండు కొసలు సి-6, సి-9. సి-6 బేసి, సి-9 సరి. ఒక కొస ఎప్పుడూ మీరు వెతుకుతూ వచ్చిన రంగులోదే అవుతుంది, అంటే దాన్ని మీరు ముందే కొట్టేసి ఉండొచ్చు. కొట్టేసి ఉంటే ఈ ప్రశ్నే రాదు, రెండో కొసే గతి. కొట్టలేదంటే ఈ లెక్క కావాలి.

సి-9 కూడా తగిలి, ఇంకా మునగలేదంటే మూడు గళ్ల ఓడలూ పోయాయి. మిగిలినవి మూడే: 6 నుంచి 10, 6 నుంచి 9, 7 నుంచి 10. సి-6కి రెండు, సి-10కి రెండు. సమానం. ఇక్కడ ఆలోచించి టైం వేస్ట్ చేయొద్దు, ఏదో ఒకటి కొట్టండి.

ఇందాకటి నుంచి ఒకరు చెయ్యెత్తి ఉన్నారు, అడగండి. ఆ, మంచి ప్రశ్న. మీ ఇంట్లో తగలగానే ఏ ఓడకు తగిలిందో కూడా చెప్పే రూల్ అంట. అప్పుడు లెక్క ఇంకా సులువు, ఆ ఓడ ఒక్కదానికే లెక్కపెట్టండి. సి-7లో తగిలింది ఐదు గళ్ల ఓడ అని చెప్పారనుకోండి, నిలువుగా అది పట్టదు, అడ్డంగా ఒకే రకం. ఇక అంచనా లేదు, 6 నుంచి 10 దాకా ఉన్నవన్నీ మీవే. మూడు గళ్ల ఓడ అన్నారనుకోండి, సి-8కి రెండు, బి-7కి రెండు, మిగతా రెండింటికీ ఒక్కొక్కటి. అప్పుడు సి-8కి ఇందాకటి ఆధిక్యం ఉండదు, బి-7తో సమానం. రూల్ మారితే జవాబు మారిపోయింది, చూశారా? అందుకే ఆట మొదలుపెట్టే ముందే ఈ సంగతి తేల్చుకోండి.

ఇప్పుడు ఈ లెక్క ఎక్కడ మోసం చేస్తుందో చెప్పాలి, అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

మొదటిది, ఇలా రకాలు లెక్కపెట్టి కూడేయడం పూర్తిగా కచ్చితం కాదు. ఖాళీ బోర్డు మీద ఐదు గళ్ల ఓడను 120 రకాలుగా పెట్టొచ్చు, రెండు గళ్లదాన్ని 180 రకాలుగా. కాబట్టి పెద్ద ఓడకు సంబంధించిన ఒక్కో రకానికి చిన్నదాని కంటే కొంచెం ఎక్కువ బరువివ్వాలి. మన ఉదాహరణలో బరువులు సరిచేసినా సి-8 ముందే ఉంటుంది, వరుస మారదు. రెండు గళ్ల మధ్య తేడా ఒకటో రెండో ఉన్నప్పుడు మాత్రం పెద్ద ఓడ పట్టే వైపు మొగ్గండి, చేత్తో ఆడేవాళ్లకు ఆ మాత్రం సవరణ చాలు.

రెండోది, ఇది అవతలివాడు ఓడల్ని ఎలా పడితే అలా పెట్టాడన్న లెక్క మీద నడుస్తుంది. మనుషులు అలా పెట్టరు. మీ తమ్ముడు ఎప్పుడూ అంచులకు ఆనించే పెడతాడని మీకు తెలిస్తే ఆ తెలివిడి లెక్క కంటే గొప్పది, దాన్ని వాడుకోండి.

మూడోది పెద్దది, దీని దగ్గర ఆగుదాం. రెండు ఓడలు ఒకదానికొకటి ఆనుకుని ఉండటం. రష్యాలో ఆడే పద్ధతిలో ఓడలు ఆనుకోకూడదు, మూలలు కూడా తగలకూడదు. ఆ పద్ధతిలో ఒక గడి ఓడలు నాలుగుంటాయి, కాబట్టి రంగుల చిట్కా వాటి మీద పని చేయదు, అది వేరే కథ. మన పద్ధతిలో ఓడలు ఆనుకోవచ్చు. అప్పుడేమవుతుంది?

మన బోర్డుకే వద్దాం. సి-7 తగిలింది, సి-8 తగిలింది, సి-9 మిస్. మునిగిందని ఎవరూ అనలేదు. ఇప్పుడు ఒకే ఓడ అనుకుంటే 6-7-8లో మూడు గళ్ల ఓడ, రెండు ఓడల్లో ఏదైనా కావచ్చు కాబట్టి రెండు రకాలు. అలా కాదు, సి-7లో ఒక నిలువు ఓడ, సి-8లో ఇంకో నిలువు ఓడ పక్కపక్కనే ఉన్నాయనుకుంటే? ఎనిమిదో నిలువు వరుసలో మిస్సులేవీ లేవనుకుని నేను జతలన్నీ లెక్కపెట్టాను, 79 వచ్చాయి. రెండు ఒక పక్క, 79 ఇంకో పక్క. మరి నిలువుకు వెళ్లాలా?

వద్దు. ఇక్కడ చాలామంది జారిపోతారు. ఒకే ఓడ అయిన సందర్భంలో ఆ రెండో ఓడ బోర్డు మీద ఇంకెక్కడో హాయిగా ఉంది, దానికి వందకు పైగా చోట్లున్నాయి. జత సందర్భంలో రెండు ఓడలూ ఇక్కడే ఇరుక్కుపోయాయి, ఆ స్వేచ్ఛ లేదు. కాబట్టి ఆ రెండింటిలో ఒక్కోదాన్ని వందకు పైగా ఉన్న ఆ చోట్లతో గుణించి, అప్పుడు 79తో పోల్చాలి. అలా చూస్తే ఒకే ఓడ అయ్యే అవకాశం దాదాపు నాలుగింట మూడు వంతులు. సి-6 కొట్టండి.

సి-6 కూడా తప్పిందా? ఇప్పుడు ఇంకో మాట లేదు, రెండు కొసలూ మూసుకుపోయాయి, ఏదీ మునగలేదు, కాబట్టి అవి రెండు వేరే ఓడలు, రెండూ నిలువుగా ఉన్నాయి. ఇక్కడ కంగారుపడి ఆ రెండు హిట్లు వదిలేసి వేరే చోటికి పోయేవాళ్లున్నారు, పోవద్దు. ఆ 79 జతలు ఇప్పుడు పనికొస్తాయి. ఏడో వరుసలో జాగా నాలుగు గళ్లే కదా, బి-7ని కప్పే జతలు 79లో 67. ఎనిమిదో వరుసలో కింద జాగా ఎక్కువ, డి-8ని కప్పేవి 64. బి-7 ముందు, డి-8 తర్వాత. ఇరుకు జాగాలో ఓడ ఎటు పోతుందో సులభంగా తెలిసిపోతుంది, అందుకే ఇరుకు వైపు ముందు కొట్టాం.

ఇంకో గుర్తు కూడా ఉంది. వరుసగా నాలుగు హిట్లు పడ్డాయి, అవతలివాడు మూడు గళ్ల ఓడ మునిగిందన్నాడు. నాలుగులోంచి మూడు తీసేస్తే ఒకటి మిగలాలి. ఆ మిగిలిన హిట్ ఇంకో ఓడది. మునిగిందన్న మాట వినగానే సంతోషంలో జనం దాన్ని మర్చిపోయి మళ్లీ కొత్తగా వెతకడం మొదలుపెడతారు. కాగితం మీద మునిగిన ఓడ గళ్లకు గీత కొట్టేయండి, గీత పడని హిట్ ఒక్కటైనా ఉందంటే వెతుకులాట ఇంకా మొదలవకూడదు. అయితే కొసన ఉన్న రెండిట్లో మిగిలింది ఏదో ఒక్కోసారి తేలదు. అప్పుడు చివరి షాట్ చూడండి: మునిగిందన్న మాట వచ్చిన గడి కచ్చితంగా ఆ మునిగిన ఓడదే. అక్కడి నుంచి వరుసగా మూడు గళ్లు లెక్కపెట్టండి, మిగిలిన కొస కొత్త ఓడది. దాని చుట్టూ మళ్లీ మొదటి నుంచి, రెండు గళ్ల అవతల ఏముందో చూసుకుని, మునిగిన ఓడ లేకుండా మిగిలిన ఓడలతోనే లెక్కపెట్టండి.

ఇప్పుడు మీ కాగితాల మీద ఇంకోటి చేయండి. హెచ్-3లో తగిలింది, ఎఫ్-3 మిస్, హెచ్-5 మిస్, ఐదు గళ్ల ఓడ ముందే మునిగిపోయింది. పైనా, కిందా, ఎడమా, కుడీ నాలుగు అంకెలు రాయండి. రెండు నిమిషాలు తీసుకోండి, రాశాక పక్కవాళ్లతో పోల్చి చూసుకోండి.